మైక్ దగ్గరికి జరిగితే గొంతు ఎందుకు బరువెక్కుతుంది?

నమస్తే అండీ. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది మూడు ప్యాటర్న్‌లున్న కండెన్సర్ మైక్. ప్యాటర్న్ అంటే మైక్ ఏ వైపు నుంచి వింటుందో అన్నది. వెనక చిన్న స్విచ్ ఉంది, దాంతో అన్ని వైపులా వినే ఆమ్నీ, ముఖ్యంగా ముందు వైపు వినే కార్డియాయిడ్, ముందూ వెనకా వినే ఫిగర్ ఎయిట్ మార్చుకోవచ్చు. బాడీ, స్టాండ్, కేబుల్ అన్నీ గట్టిగానే ఉన్నాయి, వాటి మీద టైమ్ పెట్టను. "ఈ మైక్‌లో బేస్ అదిరింది" అని చాలా రివ్యూల్లో వింటాం కదా, ఆ బేస్ ఎక్కణ్ణుంచి వస్తోందో ఈ స్విచ్‌తోనే వినిపిస్తాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఈ తేడా సరిగ్గా తెలీదు.

ఇప్పుడు నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఆమ్నీలో మాట్లాడుతున్నా. మామూలుగా నా గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇదిగో, కార్డియాయిడ్‌కి మార్చాను, దూరం అదే, గొంతు అదే, కానీ కింద బరువు వచ్చేసింది. ఇప్పుడు ఫిగర్ ఎయిట్, విన్నారా, ఇంకా బరువెక్కి, మాట కాస్త మూసుకుపోయినట్టు ఉంది. దీన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు.

కారణం చూద్దాం. ఆమ్నీ మైక్ తన దగ్గరున్న గాలి ఒత్తిడిని మాత్రమే కొలుస్తుంది. ఫిగర్ ఎయిట్ అలా కాదు, మైక్ లోపల శబ్దానికి కదిలే పల్చటి పొర, అంటే డయాఫ్రమ్‌కి, ముందూ వెనకా రెండు వైపులా శబ్దం తగులుతుంది, ఆ రెండు ఒత్తిళ్ల మధ్య తేడా ఎంతుంటే డయాఫ్రమ్ అంత కదులుతుంది. కార్డియాయిడ్ అంటే ఈ రెండూ సగం సగం కలిసినది, అందుకే ఎఫెక్ట్ కూడా మధ్యస్థంగా ఉంటుంది.

ముందు నుంచి వెనక్కి చేరడానికి శబ్దం 2 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణిస్తుంది అనుకుందాం. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడవులో 2 సెంటీమీటర్లు ఏ మూలకి, ముందుకీ వెనకకీ వచ్చే తేడా 4 శాతం కూడా ఉండదు. పై ఫ్రీక్వెన్సీల్లో తరంగం పొట్టిది కాబట్టి తేడా బాగా వస్తుంది. ఇలాగే వదిలేస్తే మైక్‌లో బేస్ అస్సలు వినపడదు, అందుకే డిజైన్‌లోనే కింది ఫ్రీక్వెన్సీలను పైకి లేపి సమం చేస్తారు. దూరం నుంచి వచ్చే శబ్దానికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది.

నోరు 5 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. ముందు వైపుకి దూరం 5, వెనక వైపుకి 7. దూరం పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి వెనక వైపు దాదాపు 29 శాతం తక్కువ పడుతుంది, అదీ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ సమానంగా. అదే ఒక మీటరు దూరం నుంచి మాట్లాడితే 100కి 102, అంటే 2 శాతమే. పై ఫ్రీక్వెన్సీల్లో అప్పటికే పెద్ద తేడా ఉంది కాబట్టి ఈ 29 పెద్దగా తెలీదు, కానీ 4 శాతం కూడా లేని 100 హెర్ట్జ్ దగ్గర ఇది వచ్చి పడితే, పైగా అక్కడ ముందే లేపి ఉంచారు కదా, బేస్ ఒక్కసారిగా ఉబ్బిపోతుంది.

కార్డియాయిడ్‌లో బేస్ ఎంత పెరుగుతుంది అంటారా? నోటిని ఒక బిందువుగా తీసుకుని లెక్కేస్తే 100 హెర్ట్జ్ దగ్గర 5 సెంటీమీటర్లకి సుమారు 15 డెసిబెల్స్, 15 సెంటీమీటర్లకి 6, 30కి రెండున్నర. అసలు మైక్‌లో ఈ అంకెలు కొంత మారతాయి, కానీ దగ్గరికి జరిగేకొద్దీ ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. మాట్లాడుతూ తల కాస్త ముందుకీ వెనక్కీ ఊగితే చాలు, గొంతు ఒక వాక్యంలో మందంగా, ఇంకో వాక్యంలో పల్చగా వస్తుంది. ఎడిటింగ్‌లో బేస్ తగ్గించడానికి పెట్టే ఈక్యూ ఒక్క దూరానికే సరిపోతుంది, తల వెంట అది కదలదు.

ఒక మాట, "ప", "బ" పలికినప్పుడు టప్‌మని కొట్టేది వేరే సమస్య. అది నోటి నుంచి వచ్చే గాలి దెబ్బ, పాప్ ఫిల్టర్ ఆపుతుంది. "ఆ" అని సాగదీసినప్పుడు కూడా మందం అలాగే ఉందంటే అది ప్రాక్సిమిటీ, దానికి పాప్ ఫిల్టర్ చేసేదల్లా మిమ్మల్ని కాస్త దూరంగా ఉంచడమే.

ఇక ఈ మైక్ మీద నా కంప్లయింట్. దీనికి 80 హెర్ట్జ్ కన్నా కింది శబ్దాన్ని కోసే లో-కట్ స్విచ్ ఇచ్చారు. కానీ 5 సెంటీమీటర్ల దగ్గర 200 హెర్ట్జ్‌లో కూడా 9 డెసిబెల్స్ దాకా పెరుగుదల ఉంటుంది, 80 దగ్గర కోస్తే ఆ మందం అలాగే ఉండిపోతుంది. 300 హెర్ట్జ్ నుంచి కిందికి మెల్లగా తగ్గించే లో-షెల్ఫ్ పెట్టండి, ఈ ఎఫెక్ట్ కూడా అలా మెల్లగా పెరిగేదే కాబట్టి బాగా కుదురుతుంది. నేనైతే కార్డియాయిడ్‌లో ఒక జానెడు దూరం పెట్టి వాడతా, గదిలో ప్రతిధ్వని లేకపోతే ఆమ్నీలో దగ్గరగా మాట్లాడతా.