జిడ్డు చర్మం, ఉక్కపోత, ఒకే ఫౌండేషన్: సగం ముఖం టెస్ట్

అందరికీ నమస్కారం. ముందు నా ముఖం దగ్గరగా చూపిస్తాను, తర్వాత మాట్లాడుకుందాం. ఇది కుడి వైపు. ముక్కు పక్కన చూడండి, ఫౌండేషన్ చిన్న చిన్న చుక్కలుగా రంధ్రాల్లో చేరింది, మధ్యలో అసలు చర్మం కనిపిస్తోంది. నవ్వితే గీత పడే చోట ఒక చారలా పేరుకుంది. నుదురు మెరుస్తోంది, పైగా రంగు కూడా ఉదయం కన్నా ఒక షేడ్ ముదిరింది. ఇప్పుడు ఎడమ వైపు చూడండి. ముక్కు కొన మీద కొంచెం పోయింది, పై పెదవి మీద దాదాపు లేదు. కానీ బుగ్గ, నుదురు, గడ్డం మాత్రం ఉదయం వేసినట్టే ఉన్నాయి.

రెండు వైపులా వేసింది ఒకే సీసాలోని ఫౌండేషన్. ఉదయం 8 గంటలకు వేశాను, ఇప్పుడు సాయంత్రం 6 అయింది. మధ్యలో ఏసీ లేదు, రెండు సార్లు ఎండలో నడిచాను, గాలిలో తేమ ఎంతుందంటే చెమట ఆరే ప్రసక్తే లేదు. కాబట్టి ఈరోజు రివ్యూ ఫౌండేషన్ గురించే అయినా, ఎక్కువ సేపు మాట్లాడేది దాని కింద ఏముంది, ఎంత వేశాం అన్న దాని గురించే. ఎందుకంటే తేడా అంతా అక్కడే వచ్చింది.

ముందు ఈ ఫౌండేషన్ ఎలాంటిదో చెబుతాను. బ్రాండ్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే రకం ఫార్ములా చాలా కంపెనీల దగ్గర దొరుకుతుంది, మీరు గుర్తుపట్టాల్సింది ఫార్ములాని. మ్యాట్, లాంగ్ వేర్ అని రాసి ఉన్న లిక్విడ్ ఫౌండేషన్ ఇది. సీసా వెనక పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు వస్తాయి. మొదటి వరుసల్లో సైక్లోపెంటాసిలాక్సేన్ గానీ ఐసోడోడెకేన్ గానీ ఉంటే, అవి చర్మం మీద వేశాక ఆవిరైపోయే ద్రవాలు. ఆ తర్వాత ట్రైమిథైల్‌సిలాక్సిసిలికేట్ అనే పొడవాటి పేరు కనిపిస్తే, అది పొరగా మిగిలి రంగుని పట్టి ఉంచేది. ద్రవం ఎగిరిపోతుంది, పొర బిగుస్తుంది. జిడ్డు చర్మానికి మనకి కావలసింది ఇదే పద్ధతి.

కానీ ఇందులోనే ఒక చిక్కు ఉంది. ఆ ద్రవం ఎగిరిపోవడానికి కొంత సమయం పడుతుంది, పొర ఎంత మందంగా వేస్తే అంత ఎక్కువ పడుతుంది. మందంగా వేసి, వెంటనే పైన పౌడర్ కొట్టేస్తే, పైన ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆ మెత్తటి పొర కిందకి చర్మం నుంచి నూనె వస్తుంది, ఆ నూనెతో పాటే పొర జారుతుంది. మధ్యాహ్నానికి ముక్కు పక్కన చుక్కలు పడటానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు ఏ వైపు ఏం చేశానో చెబుతాను. ముఖం కడగడం, తేలికపాటి జెల్ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఇవి రెండు వైపులా ఒకటే. ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ అని రాసి ఉన్నా సన్‌స్క్రీన్ మానకండి, ఎందుకంటే ఆ రక్షణ రావడానికి కావలసినంత ఫౌండేషన్ ఎవరూ వేసుకోరు.

కుడి వైపు నేను చాలా కాలంగా వేసుకుంటూ వచ్చిన పద్ధతి. సన్‌స్క్రీన్ రాసిన రెండు నిమిషాలకే సగం ముఖానికి ఒక నిండు పంపు ఫౌండేషన్, వేళ్లతో రాయడం, వెంటనే పెద్ద బ్రష్‌తో లూజ్ పౌడర్ బాగా.

ఎడమ వైపు ఆగాను. సన్‌స్క్రీన్ తర్వాత పది నిమిషాలు. వేలితో తాకితే జారుడుగా ఉందంటే ఇంకా సిద్ధంగా లేదని అర్థం. తర్వాత టిష్యూని పొరలు విడదీసి, ఒక్క పొర తీసుకుని ముఖం మీద అలా పెట్టి ఒత్తాను. రుద్దలేదు, రుద్దితే సన్‌స్క్రీన్ లేచి వస్తుంది. ఆ పైన, ఇదే ముఖ్యం, ఫౌండేషన్‌కి ముందే పౌడర్. పఫ్‌కి చాలా కొంచెం రంగులేని పౌడర్ అద్దుకుని, చేతి వెనక దులిపి, ముక్కు పక్కన, నుదుటి మధ్యలో, గడ్డం మీద మాత్రమే నొక్కాను. బుగ్గల మీద వేయలేదు, అక్కడ అవసరం లేదు. వచ్చే నూనెని ముందు ఈ పౌడర్ పీల్చుకుంటుంది, అది నిండిపోయాకే నూనె ఫౌండేషన్ దాకా వస్తుంది.

ఫౌండేషన్ సగం పంపు మాత్రమే. సీసాని బాగా ఊపాను, ఎందుకంటే ఇలాంటి వాటిలో రంగు కిందకి దిగి ఉంటుంది. స్పాంజ్ తడిపి, టవల్‌లో పిండి, చెమ్మ మాత్రమే మిగిలేలా చేసి, బుగ్గ దగ్గర మొదలుపెట్టి ముక్కు వైపుకి అద్దుకుంటూ వచ్చాను. ముక్కు మీదకి వచ్చేసరికి స్పాంజ్‌కి ఏం మిగిలి ఉందో అంతే. మనం సాధారణంగా రివర్స్‌లో చేస్తాం, ముక్కు మీద ఎర్రగా ఉందని అక్కడే ఎక్కువ వేస్తాం. ఎక్కువ నూనె వచ్చే చోటే మందంగా వేస్తే అక్కడే ముందు విడిపోతుంది. ఎక్కడైనా మచ్చ ఇంకా కనిపిస్తుంటే ఆ మచ్చ మీద మాత్రం చిన్న చుక్క కన్సీలర్. తర్వాత రెండు నిమిషాలు ముఖం ముట్టుకోలేదు. వేలికి అంటకపోతే అప్పుడు పఫ్‌తో మళ్లీ పల్చగా పౌడర్ నొక్కి, చివర్లో సెట్టింగ్ స్ప్రే.

సెట్టింగ్ స్ప్రే గురించి ఒక మాట. అన్నీ ఒకటి కాదు. జాబితాలో నీళ్ల తర్వాత వెంటనే గ్లిజరిన్ ఉండి, పట్టు ఇచ్చే పదార్థం ఏదీ లేకపోతే, అది ముఖానికి మెరుపు ఇచ్చే మిస్ట్ మాత్రమే, ఉక్కపోతలో మనకి ఉపయోగం లేదు. పీవీపీ గానీ అక్రిలేట్స్ కోపాలిమర్ గానీ కనిపిస్తే అది పొరలా పట్టే స్ప్రే.

ఇక రోజంతా ఏం జరిగిందంటే, 10:30కి కుడి వైపు నుదురు మెరుపు మొదలైంది, ఎడమ వైపు ఏమీ లేదు. 1 గంటకి కుడి వైపు ముక్కు పక్కన విడిపోవడం మొదలైంది, రంగు కూడా ముదిరింది. దీన్ని అందరూ ఆక్సిడైజ్ అయింది అంటారు. ఇక్కడ నాకు కనిపించినది అంతకన్నా సింపుల్. పొడి ఇసుక మీద నీళ్లు పోస్తే ఎలా ముదురు రంగులోకి మారుతుందో, ఫౌండేషన్‌లోని పొడి రంగులు నూనెలో తడిస్తే అలా ముదురుగా కనిపిస్తాయి. టిష్యూతో ఒత్తితే రంగు కొంత తేలికైంది. అందుకే షేడ్ కొనేటప్పుడు దవడ మీద రాసుకుని కనీసం అరగంట ఆగి చూడమంటాను.

ఎడమ వైపు 1 గంటకి ముక్కు మీద మాత్రమే మెరుపు. అప్పుడు ఒకసారి టచప్ చేశాను, రెండు వైపులా ఒకేలా. టచప్‌లో చాలామంది బేస్ పాడు చేసుకుంటారు కాబట్టి దీని మీద కాస్త ఆగుతాను. ముఖం మీద ఉన్నది చెమటా, నూనెనా అన్నది ముందు తెలుసుకోవాలి. టిష్యూ ఒత్తి, వెలుతురుకి పట్టుకుని చూడండి. తడి మచ్చ కాసేపటికి ఆరిపోయి మాయమైతే అది చెమట. మచ్చ అలాగే ఉండి, అద్దంలా అవతల వైపు కనిపిస్తుంటే అది నూనె. నూనె అయితే టిష్యూతో తీసేశాక కొంచెం పౌడర్ నొక్కవచ్చు. చెమట ఉన్నప్పుడు మాత్రం పౌడర్ ముట్టుకోకండి, తడి మీద పౌడర్ పడితే ముద్ద అవుతుంది, ఆ ముద్ద మళ్లీ సరి కాదు. చెమట అద్ది, నీడలో ఆరనిచ్చి, తర్వాత చూసుకోండి. కుడి వైపు సరిగ్గా ఈ ముద్దే వచ్చింది, ఎందుకంటే అక్కడ నూనె, చెమట రెండూ కలిసి ఉన్నాయి, పైన ఉదయం వేసిన పౌడర్ కూడా ఉంది.

4 గంటలకి మా చెల్లికి ఏ వైపు ఏం వేశానో చెప్పకుండా ముఖం చూపించాను. "అక్కా, ఈ ఎడమ వైపు ఇప్పుడే వేసుకున్నావా?" అని అడిగింది.

మీకు ఒక అనుమానం రావాలి. నా కుడి వైపు చర్మమే ఎక్కువ జిడ్డేమో కదా. నాకూ వచ్చింది, అందుకే ఈ వీడియోకి ముందే ఒక రోజు వైపులు మార్చి చేశాను. ఫలితం కూడా వైపు మారింది. ఇంకో రోజు రెండు వైపులా సగం సగం పంపు వేసి, ఆగే సమయం కూడా ఒకటే పెట్టి, కింద పౌడర్ మాత్రం ఒక వైపే వేశాను. ఆ రోజు తేడా చాలా తగ్గింది. బుగ్గల మీద అసలు లేదు, ముక్కు పక్కన మాత్రం కింద పౌడర్ ఉన్న వైపు దాదాపు రెండు గంటలు ఎక్కువ నిలిచింది. అంటే నా ముఖం మీద పెద్ద పని చేసింది తక్కువ వేయడం, ఆగడం. కింద పౌడర్ ముక్కు దగ్గర అదనపు సాయం. సమయం లేని రోజు ఏదో ఒకటి వదిలేయాలంటే నేను కింద పౌడర్ వదిలేస్తాను, ఆగడం మాత్రం వదలను.

ఇక ఈ ఫౌండేషన్ మీద నా తీర్పు. ముఖమంతా జిడ్డు ఉన్నవాళ్లకి బాగుంటుంది. ముక్కు, నుదురు జిడ్డుగా ఉండి బుగ్గలు పొడిబారే వాళ్లు బుగ్గల మీద దీన్ని వేయొద్దు, పొట్టు లేచిన చోటల్లా పట్టుకుని కనిపిస్తుంది. అక్కడ మాయిశ్చరైజర్ తర్వాత మచ్చల మీద కన్సీలర్ చాలు. పై పెదవి, ముక్కు కొన, ఈ రెండు చోట్లా ఏ పద్ధతీ సాయంత్రం దాకా నిలబడలేదు. ఒకటి చెమట పట్టే చోటు, ఇంకొకటి మాటిమాటికీ తుడుచుకునే చోటు. ఫొటోలు ఫ్లాష్‌తో తీసే రోజు అయితే సిలికా ఎక్కువ ఉన్న తెల్లటి పౌడర్‌ని ముందే ఫోన్‌తో ఒక ఫ్లాష్ ఫొటో తీసుకుని చూసుకోండి, ముఖం మీద తెల్లగా మచ్చలు రావచ్చు.

చివరగా, ఇప్పుడు దీన్ని తీసేస్తున్నాను, అది కూడా చూడండి. ఇది ఫేస్‌వాష్ ఒక్కదానికి పోదు, ఎందుకంటే ఆ పొర నీళ్లకి లొంగదు. పొడి ముఖం మీద, పొడి చేతులతో క్లెన్సింగ్ ఆయిల్ రాసి నిమిషం పాటు మెల్లగా తిప్పుతున్నాను. చూశారా, ముక్కు పక్కన రంగు కరిగి వస్తోంది. ఇప్పుడు కొంచెం నీళ్లు కలిపితే పాలలా తెల్లబడుతుంది, అప్పుడు కడిగేసి, మామూలు ఫేస్‌వాష్. తెల్లటి టవల్‌తో ముక్కు పక్కన అద్దుతున్నాను. ఇంకా కొంచెం రంగు అంటింది, కాబట్టి ఆ చోట మాత్రం ఇంకోసారి.