యాస నేర్పాక తప్పులు నిజంగానే తగ్గాయా?

అందరికీ నమస్కారం. మాటను రాతగా మార్చే విస్పర్ స్మాల్ మోడల్‌ని తెలంగాణ యాస రికార్డింగులతో ఫైన్‌ట్యూన్ చేయడం, అంటే అదనంగా శిక్షణ ఇవ్వడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఈ పనిలో శిక్షణ కన్నా కొలత దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కాబట్టి ముందు కొలత సంగతి చూద్దాం.

మాట్లాడిన వాక్యం: "నువ్వు ఏడికి పోతున్నవ్ చెప్పు". మోడల్ రాసింది: "నువ్వు ఎక్కడికి పోతున్నావు చెప్పు". నాలుగు పదాల్లో రెండు మారాయి, అంటే వర్డ్ ఎర్రర్ రేట్ 50 శాతం. అయితే ఈ రెండూ ఒక జాతి తప్పులు కావు. "ఏడికి" అన్నచోట మోడల్ తనకు అలవాటైన మాట పెట్టేసింది. ఇది శిక్షణతో పోతుంది. రెండోది చాలావరకు రాతలో తేడా. మన రాతగాళ్లలో ఒకరు "పోతున్నవ్" అని, ఇంకొకరు "పోతున్నావు" అని రాసి ఇస్తే, ఎన్ని గంటల ఆడియో పోసినా అది పోదు. పలికినట్టే రాయాలని ముందే తేల్చుకుని, క్రియల చివరలకు ఒక పట్టిక రాసి అందరికీ ఇవ్వండి. తర్వాత ఓ వంద క్లిప్పులు ఇద్దరితో విడివిడిగా రాయించి, ఒకరి రాతతో మరొకరి రాతను పోల్చండి. వాళ్ల మధ్యే 12 శాతం తేడా వస్తే, మోడల్ దగ్గర 5 శాతం ఆశించడం అన్యాయం.

ఇక అసలు ప్రమాదం. తప్పులు లెక్కపెట్టే ముందు రాతను శుభ్రం చేయడానికి విస్పర్‌తో వచ్చే `BasicTextNormalizer` విరామ చిహ్నాలతో పాటు యూనికోడ్‌లో 'మార్క్' వర్గానికి చెందిన ప్రతిదాన్నీ తీసేసి ఖాళీ పెడుతుంది. మన గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ ఆ వర్గమే. దాంతో "పాలు" అన్నా "పులి" అన్నా "ప ల"గా మిగులుతాయి. పాలకు పులి అని రాసినా తప్పు లెక్కకు రాదు! పైగా ఒక్కో పదం ముక్కలై పదాల సంఖ్య పెరుగుతుంది, శాతం అందంగా కనిపిస్తుంది. దాని బదులు విరామ చిహ్నాలను మాత్రమే తీసేయండి. `U+200C` అనే కనిపించని అక్షరాన్ని కూడా తొలగించండి. "పోతున్నవ్" చివర అది ఉన్నా లేకున్నా కంటికి ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం రెండు వేరు పదాలు.

పరీక్షకు పెట్టిన మనిషి గొంతు శిక్షణలో ఒక్క క్లిప్పులో కూడా ఉండకూడదు. ఉంటే మోడల్ నేర్చుకున్నది యాసనా, ఆ గొంతునా అన్నది తేలదు.

శిక్షణ సంగతికొస్తే, ఆడియో 16 కిలోహెర్ట్జ్‌లో, లెర్నింగ్ రేట్ `1e-5` దగ్గర మొదలుపెట్టవచ్చు. మోడల్ 30 సెకన్ల ఆడియో తీసుకుంటుంది కానీ, రాత వైపు 448 టోకెన్లే, అంటే మోడల్ రాతను విడగొట్టుకునే చిన్న ముక్కలే, పరిమితి. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటి పలు టోకెన్లుగా విడిపోతాయి కాబట్టి పొడవాటి క్లిప్పుల రాత ఆ హద్దు దాటేస్తుంది. 10 సెకన్ల లోపు ముక్కలు చేసుకోవడం మేలు. యాస ఆడియోతో పాటు మామూలు తెలుగు ఆడియో కూడా కొంత కలపండి. శిక్షణ మధ్యలో మోడల్‌ని భద్రపరిచే ప్రతి చెక్‌పాయింట్ దగ్గర యాసకు ఒకటి, మామూలు తెలుగుకు ఒకటి చొప్పున రెండు పరీక్షా సెట్లను నడపండి. యాస సెట్‌లో తప్పులు తగ్గుతూ రెండోదాంట్లో పెరుగుతుంటే, మామూలు తెలుగు వాటా పెంచి మళ్లీ శిక్షణ ఇవ్వండి.