అమ్మమ్మకి తాంబూలం ఇష్టమా, ఇష్టంగా ఉండేదా?

[కుర్చీ లాగిన చప్పుడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు.]

కిరణ్: ఎర్ర లైటు వెలిగింది. నమస్కారమండీ. ఉల్లిపాయ ఎపిసోడ్ తర్వాత కూడా మమ్మల్ని వింటున్నారంటే మీ ఓపికకి దండం.

శైలజ: ఆ ఎపిసోడ్‌లో వచ్చిన టోపీ ఎవరిదని మళ్లీ మెయిల్స్ వచ్చాయి. చెప్పం.

కిరణ్: చెప్పం. ఈరోజు సంగతి వియత్నామీస్. క్రియకి కాలం లేని భాషలో కాలం ఎలా చెప్తారు, దాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే ఏం చేస్తారు. మూడు నిమిషాల్లో చెప్పేస్తానని, ఆ అనువాదాలు చేసే మా శైలజక్క మాటిచ్చింది.

శైలజ: చెప్పేస్తా. అక్కడ క్రియ మారదు. ‘అన్’ అంటే తినడం. నిన్నకీ రేపటికీ, నాకూ నీకూ అదే ‘అన్’. అవసరమనిపిస్తే ముందు ఒక చిన్న మాట పెడతారు. ‘డా’ అంటే అప్పటికే అయింది, ‘డాంగ్’ అంటే జరుగుతోంది, ‘సే’ అంటే జరుగుతుంది, ‘సాప్’ అంటే ఇక ఇప్పుడో అప్పుడో. వాక్యం చివర ‘జోయ్’ వస్తే అయిపోయిందని, ‘చువ’ వస్తే ఇంకా కాలేదా అని అడగడం. ఇవి హనోయ్ పలుకుబడిలో చెప్తున్నా. సైగాన్‌లో జోయ్ కాస్తా ‘రోయ్’ అవుతుంది.

కిరణ్: అంటే డా భూతకాలం, సే భవిష్యత్తు. అయిపోయింది, మంచినీళ్లు తాగు.

శైలజ: కాదు. అందరూ పడేది అక్కడే. ‘నిన్న నేను మార్కెట్‌కి వెళ్లు’ అంటే చాలు అక్కడ. నిన్న అన్నాక డా ఎందుకు? పెడితే తప్పు కాదు గానీ ప్రతి వాక్యానికీ పెడితే పాఠ్యపుస్తకం చదువుతున్నట్టుంటుంది. రెండో సంగతి, డా రేపటికి కూడా వస్తుంది. ‘వచ్చే వారం ఈపాటికి నేను డా సైగాన్‌లో ఉండు.’ అది భూతకాలం ఎలా అవుతుంది? కావ్ సువన్ హావ్ అని పెద్ద భాషావేత్త ఉండేవారు. వియత్నామీస్‌లో టెన్స్ లేదు, పని ఏ దశలో ఉందనేదే ఉంది అని ఆయన వాదన.

కిరణ్: మనకీ అంతేగా! ఫోన్లో ‘వచ్చేశా’ అంటే ఏంటి? ఇంకా స్నానం చేయలేదని.

శైలజ: పది రూపాయలు. ‘వచ్చేశా’ లాంటి ఉదాహరణ ఎత్తితే జరిమానా అనుకున్నాంగా. డబ్బాలో వెయ్యి.

కిరణ్: వేస్తాలే. కానీ అది భూతకాలం రూపం, భవిష్యత్తు అర్థం. నేను ఎప్పటినుంచో చెప్తున్నా...

శైలజ: నువ్వు ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నావు. ఇంకోటి విను, నచ్చుతుంది. అదే డా వాక్యం చివరికి వెళ్తే అర్థం మొత్తం మారిపోతుంది. ‘అన్ డా’ అంటే తిన్నాను అని కాదు, ‘ముందు తిందాం, తర్వాత చూద్దాం’ అని. డా కనిపించగానే ‘ఐ ఏట్’ అని రాశావో, పాత్ర ఆకలితో కూర్చుని ఉంటే అనువాదంలో చేతులు కడిగేసుకుంటుంది.

కిరణ్: నువ్వు రాశావా అలా?

శైలజ: మొదటి ఏడాది రాశా. దొరికిపోయా కూడా. తర్వాత పేజీలో ఆ అమ్మాయే అన్నం వడ్డించుకుంటోంది.

[నవ్వులు]

కిరణ్: సరే, జోయ్ సంగతి...

శైలజ: దానికి ముందు ఒక్క వాక్యం. ఈ వారమంతా అదే నా ప్రాణం తీస్తోంది. హనోయ్‌లో తెలిసిన ఒకామె వాళ్ల అమ్మమ్మ గురించి మూడు పేజీలు రాసి, ఇంగ్లీషు చేసిపెట్టమంది. మొదటి వాక్యం ‘బా తోయ్ థిక్ అన్ చౌ’. బా తోయ్ అంటే మా అమ్మమ్మ, థిక్ అంటే ఇష్టపడు, అన్ అంటే తిను, చౌ అంటే తమలపాకు.

కిరణ్: మా అమ్మమ్మకి తాంబూలం ఇష్టం. ఇంగ్లీషులో ‘మై గ్రాండ్‌మదర్ లైక్స్’... ఆమె ఉన్నారా?

శైలజ: చూశావా! అడిగావు. వియత్నామీస్ చదివేవాడు అడగడు. తెలుగువాడూ అడగడు, ‘ఇష్టం’ అని ఊరుకుంటాం, దాంట్లో క్రియే లేదు. ఇంగ్లీషు మాత్రం మొదటి వాక్యంలోనే ఆవిడ బతికుందా పోయిందా చెప్పమంటుంది. ‘లైక్స్’ అంటే ఉంది. ‘లైక్డ్’ అంటే పోయింది.

కిరణ్: ‘లైక్డ్’ అంటే మానేసిందేమో. పళ్లు ఊడి.

శైలజ: అలా కూడా అనుకోవచ్చు, కానీ అమ్మమ్మ గురించి అంటే ఎవరైనా పోయిందనే అనుకుంటారు. ఆవిడ పోయిన సంగతి మూడో పేజీ చివర్లో వస్తుంది. ‘బా మత్ జోయ్’. మత్ అంటే పోగొట్టుకోవడం, మన ‘పోయింది’ లాంటిదే. ఆ మాట దాకా చదివేవాళ్లకి తెలియకూడదు. అప్పటిదాకా ఆవిడ గుమ్మంలో కూర్చుంటుంది, సున్నపుకాయ పక్కన పెట్టుకుంటుంది, చిన్న కత్తితో వక్క చీలుస్తుంది. అన్ని క్రియలూ ఒట్టివే, ఒక్క డా లేదు.

కిరణ్: అడకత్తెర లేదా వాళ్లకి?

శైలజ: ఈవిడకి కత్తి. పళ్లు నల్లగా, నిగనిగలాడుతూ. ఉత్తరాన పాతకాలం ఆడవాళ్లు పళ్లకి నల్ల రంగు పట్టించుకునేవాళ్లు, అందంగా. అది తాంబూలం వల్ల కాదు, వేరే రంగు. మాటలకి మొదలు తమలపాకు అని వాళ్ల సామెత. ఎవరొచ్చినా ముందు ఆకు ఇవ్వాలి.

కిరణ్: ఇందులో గొడవేముంది? అంతా ‘లైక్డ్’, ‘శాట్’, ‘కట్’ అని భూతకాలంలో పెట్టు. కథలన్నీ అలాగేగా ఉంటాయి? పాఠకుడు ముందే ఊహిస్తే మాత్రం ఏమైంది?

శైలజ: మొదటి వాక్యంలోనే ఆవిడని చంపేస్తున్నావు. మూడో పేజీలో చెప్పడానికి ఏం మిగిలింది?

కిరణ్: అయితే మొత్తం వర్తమానం పెట్టు. ‘లైక్స్’, ‘సిట్స్’. చివర్లో ‘షీ ఈజ్ డెడ్’.

శైలజ: పెట్టి చూశా. అప్పుడు అబద్ధం అవుతుంది. ‘లైక్స్’ అని చదివినవాడు చివరికొచ్చి ‘నన్ను మోసం చేశారు’ అంటాడు. వియత్నామీస్ రచయిత్రి ఎవరినీ మోసం చేయలేదు. ఆమె చెప్పలేదు, అంతే. చెప్పకపోవడం వేరు, తప్పు చెప్పడం వేరు.

కిరణ్: ఇంగ్లీషులో చెప్పకుండా ఉండలేమా?

శైలజ: క్రియ తీసేస్తే ఉండగలం. ‘బీటల్, ఫర్ మై గ్రాండ్‌మదర్, బిఫోర్ ఎనీథింగ్ ఎల్స్’ అని మొదలుపెట్టా. క్రియ లేదు, కాలం లేదు. తర్వాత రెండో వాక్యం కూడా అలాగే, ‘ద లైమ్ పాట్ అట్ హర్ ఎల్బో’. మూడోదీ అలాగే రాస్తే కవిత్వం రాస్తున్నానని వెక్కిరిస్తారు. అందుకని ఆ తర్వాత చిన్నపిల్ల గొంతు తెచ్చా. పిల్ల చూస్తోంది, అమ్మమ్మ వక్క చీలుస్తోంది, ఆ పూటకి వర్తమానం. ఒక పూట సీను అని తెలిశాక వర్తమానం ఎవరినీ మోసం చేయదు, కథ చెప్పే పద్ధతి అనుకుంటారు. ఇక చివర్లో ‘బా మత్ జోయ్’ దగ్గర గట్టిగా భూతకాలం. వియత్నామీస్‌లో మత్ అనే మాట చేసిన పని ఇంగ్లీషులో కాలం మారడం చేస్తుంది.

కిరణ్: అంటే నువ్వు కొత్తగా ఒక ఎత్తు వేశావు. మూలంలో లేనిది.

శైలజ: లేదు. ఒప్పుకుంటా.

కిరణ్: అది అనువాదమేనా? నేను ప్రూఫులు దిద్దే రోజుల్లో ఎవరైనా ఇలా చేస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి.

శైలజ: పెట్టు. కానీ ఇంకో దారి చూపించు.

[కాస్త నిశ్శబ్దం]

కిరణ్: చూపించలేను. అయినా నచ్చలేదు. ...అక్కా, మీ అమ్మమ్మ కూడా తాంబూలం...?

శైలజ: మా అమ్మమ్మకి కిళ్ళీ ఇష్టం. తీపిది.

కిరణ్: ఇష్టం అన్నావు.

శైలజ: ఇష్టమే మరి. ఆవిడ పోయి పదకొండేళ్లు. ‘ఇష్టంగా ఉండేది’ అని నోట రాదు నాకు. ...ముందుకు పద.

కిరణ్: పద. జోయ్.

శైలజ: జోయ్. త్వరగా చెప్తా. ఆ ‘మత్ జోయ్’నే కొత్తవాళ్లు ‘ఆల్రెడీ డెడ్’ అని రాస్తారు. పోలీసు రిపోర్టులా ఉంటుంది. జోయ్ కనిపించిన ప్రతిచోటా ‘ఆల్రెడీ’ వద్దు. ‘మువా జోయ్’ అంటే వాన మొదలైందని, ‘ఇట్స్ రెయినింగ్’ చాలు. అర్థమైంది అనడానికి వాళ్లు ‘అర్థం జోయ్’ అంటారు. దానికి ‘గాట్ ఇట్’. ‘చెత్ జోయ్’ అని అరిస్తే అక్షరాలా ‘చచ్చాం’, అంటే ‘ఓ నో’. జోయ్ అంటే పాత పరిస్థితి పోయి కొత్తది వచ్చిందని. మన ‘వానొచ్చేసింది’ లాగ.

కిరణ్: వచ్చేసింది! డబ్బాలో పది రూపాయలు నువ్వు వెయ్యి.

శైలజ: ...వేస్తా. సరే, చువ ఒక్కటి చెప్పి ఆపేద్దాం. ‘అన్ కమ్ చువ?’ కమ్ అంటే వండిన అన్నం. అక్షరాలా మన ‘అన్నం తిన్నావా?’ పలకరింపు.

కిరణ్: ‘హౌ ఆర్ యూ’ అని పెట్టేయ్.

శైలజ: గుమ్మంలో అడిగి వెళ్లిపోతే పెట్టొచ్చు. అడిగిన ఆవిడ లోపలికెళ్లి కంచం తెస్తే? ‘హౌ ఆర్ యూ’ అని అడిగి కంచం పెట్టడం బాగోదు. అక్కడ ‘హావ్ యూ ఈటెన్?’ కావాలి. కానీ ‘యెట్’ తగిలించకు, అది నిలదీసినట్టుంటుంది. పెళ్లయిందా అని అడగడానికి కూడా చివర చువే వాడతారు. ‘ఆర్ యూ మ్యారీడ్ యెట్?’ అని రాస్తే అడిగినవాడు దుర్మార్గుడైపోతాడు, అక్కడ అది మామూలు ప్రశ్న.

కిరణ్: జవాబు?

శైలజ: అయితే ‘జోయ్’, కాకపోతే ‘చువ’. ‘ఖోంగ్’ అనరు. ఖోంగ్ అంటే ఒట్టి లేదు. అన్నానికైనా అంతే. చువ అంటే తినలేదు, ఖోంగ్ అంటే తినను. ఒక కథలో ముప్పై దాటినామె పెళ్లి మాటకి ‘ఖోంగ్’ అంటుంది. గదిలో అందరూ ఆగిపోతారు. ఇంగ్లీషులో రెండింటికీ ‘నో’ పెడితే వాళ్లెందుకు ఆగారో అర్థం కాదు.

కిరణ్: ‘కాలేదు’కీ ‘చేసుకోను’కీ ఉన్న తేడా. తెలుగులోకైతే హాయిగా వచ్చేస్తుంది.

శైలజ: వస్తుంది. ఇంగ్లీషులో మామూలువాళ్ల జవాబు ‘నాట్ యెట్’ చేసి, ఈమెది ఒట్టి ‘నో’గా వదిలేశా. ఎడిటర్ మాత్రం...

కిరణ్: ‘నో, అండ్ ఐ వోంట్’ అని పెట్టాలి.

శైలజ: అంత నోరు లేదు ఆమెకి. ఒక్క మాటే అంటుంది.

కిరణ్: ఒక్క మాటకి పాఠకుడికి తెలియదక్కా.

శైలజ: పైన రెండుసార్లు ‘నాట్ యెట్’ చదివాక తెలుస్తుంది.

కిరణ్: తెలియదు. పందెం. వచ్చే ఎపిసోడ్‌లో వినేవాళ్లనే... ఏదో పొంగుతున్న వాసన.

శైలజ: పాలు! కిరణ్, స్టవ్ ఆపలేదా నువ్వు?

కిరణ్: ఆపేశా!

శైలజ: ఆపేశా అంటే—

[రికార్డింగ్ ఆగింది]