22/7ను నిలదీస్తే తెలిసే నిజం: పై విలువ ఎందుకు ముగియదు?

[తెర మీద: ఒక వృత్తం, దాని వ్యాసం. పక్కన 3.14159265358979…]

వృత్తం చుట్టుకొలతను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది పై. చిన్న వృత్తమైనా పెద్ద వృత్తమైనా అదే విలువ. దశాంశ బిందువు తర్వాత దాని అంకెలు ఎప్పటికీ ముగియవని బడిలో చెబుతారు. అదే పాఠంలో, లెక్కలు చేసేటప్పుడు 22/7 వాడుకోమనీ చెబుతారు.

ఇప్పుడు 22ను 7తో భాగించి చూడండి.

[తెర మీద: 3.142857142857142857…]

ఇదీ ముగియడం లేదు. మరి ముగియకపోవడమే పై ప్రత్యేకత అయితే, 22/7కీ దానికీ తేడా ఏమిటి? ఈ వీడియోలో నేను పట్టుకోబోయేది ఈ ప్రశ్ననే. జవాబు అంకెల్లో కాదు, శేషాల్లో దొరుకుతుంది.

భాగహారాన్ని నెమ్మదిగా చేద్దాం. 22లో 7 మూడు సార్లు పోతే శేషం 1. సున్నా దించితే 10. అందులో 7 ఒకసారి పోతుంది, శేషం 3. తర్వాత 30, శేషం 2. ఆ తర్వాత 20, శేషం 6. అలాగే 60కి శేషం 4, 40కి శేషం 5, 50కి శేషం మళ్లీ 1.

[తెర మీద: 1 → 3 → 2 → 6 → 4 → 5 → 1, చివరి 1 నుంచి మొదటి 1కి బాణం]

మొదలైన చోటికే తిరిగి వచ్చాం. ఇక్కడి నుంచి జరిగేదంతా ఇప్పటిదాకా జరిగినదే. అందుకే 142857 పదేపదే వస్తుంది. ఇది 7కు మాత్రమే పరిమితమైన విషయం కాదు. 7తో భాగిస్తే శేషం 0 నుంచి 6 వరకే ఉండగలదు. సున్నా వస్తే భాగహారం అక్కడితో అయిపోతుంది. రాకపోతే మిగిలినవి ఆరు శేషాలే కాబట్టి, వాటిలో ఏదో ఒకటి తిరిగి రాక తప్పదు. హారం ఎంత పెద్దదైనా సంగతి ఇంతే: శేషాల సంఖ్యకు హద్దు ఉంది, కాబట్టి అంకెల గుంపు ఎక్కడో ఒక చోట పునరావృతం కావాల్సిందే.

దీని విలోమం కూడా నిజం. 0.272727… అనే సంఖ్యను తీసుకోండి. దాన్ని 100తో గుణిస్తే 27.272727… వస్తుంది. మొదటిదాన్ని ఇందులోంచి తీసేస్తే తోక మొత్తం రద్దయి 27 మిగులుతుంది. అంటే ఆ సంఖ్యకు 99 రెట్లు 27. కాబట్టి అది 27/99, ఇంకా సూక్ష్మంగా రాస్తే 3/11.

అంటే అంకెలు ఆగిపోవడమో, ఒక గుంపు తిరిగి తిరిగి రావడమో జరిగితే అది భిన్నం. ఈ రెండూ జరగకపోతే భిన్నం కాదు. రెండు పూర్ణ సంఖ్యల నిష్పత్తిగా రాయగలిగినవాటిని మన పాఠ్యపుస్తకాలు అకరణీయ సంఖ్యలంటాయి, రాయలేనివాటిని కరణీయ సంఖ్యలంటాయి. పై ఈ రెండో రకం. 3కూ 4కూ మధ్య దానికి ఒక స్థిరమైన చోటు ఉంది. దాని విలువలో అనంతం ఏమీ లేదు, అస్పష్టతా లేదు. ఆ విలువను పూర్ణ సంఖ్యల భిన్నంగా పట్టుకోలేం, అంతే.

కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి ఈ మాటను ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో కొలతల రూపంలో చెప్పారు. ఏ కొలతతో కొలిస్తే వ్యాసం శేషం లేకుండా సరిపోతుందో, అదే కొలతతో పరిధిని కొలిస్తే కొంత మిగులుతుంది. పరిధికి సరిపోయే కొలత తెస్తే వ్యాసం దగ్గర మిగులుతుంది. కొలతను ఎంత చిన్నది చేసినా మిగిలేది తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు. ఆయన 1444లో పుట్టారు. ఈ మాటను ఇంత స్పష్టంగా అంత ముందే చెప్పారంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. అయితే చెప్పడం వేరు, నిరూపించడం వేరు.

నిరూపణ ఎందుకు, అంకెలు చూస్తే తెలియదా అని అడగవచ్చు. తెలియదు. దానికి మంచి ఉదాహరణ 355/113.

[తెర మీద పైన: 3.14159265… కింద: 3.14159292…]

చైనా గణితవేత్త జు చోంగ్‌జీ అయిదో శతాబ్దంలోనే ఇచ్చిన భిన్నం ఇది. దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెల వరకు పైతో సరిపోతుంది. దీని శేషాలు 113 లోపు ఉండాలి. అవి ఒక్కటి కూడా వదలకుండా 112 రకాలుగా తిరిగి, అప్పుడు మొదటికి వస్తాయి. అంటే మొదటి 100 అంకెలు మాత్రమే చూసినవారికి ఇందులో ఏ పునరావృతమూ కనిపించదు. ఇది భిన్నం కాదని పొరబడే అవకాశం ఉంది. హారం లక్షల కోట్లలో ఉంటే చక్రం కూడా అంత పొడవు ఉండవచ్చు. కాబట్టి కంప్యూటర్ ఎన్ని అంకెలు లెక్కించినా, పై భిన్నం కాదని ఆ అంకెలు తేల్చలేవు. మరో దారి కావాలి.

ఆ దారిని మొదట చూపినవారు యోహాన్ లాంబర్ట్, 1761లో. సున్నా కాని అకరణీయ సంఖ్య ఏది తీసుకున్నా దాని టాంజెంట్ విలువ అకరణీయం కాదని ఆయన నిరూపించారు. π/4కు టాంజెంట్ విలువ 1. ఒకటి అకరణీయమే కదా! కాబట్టి π/4 అకరణీయం కాలేదు, పై కూడా కాలేదు. ఈ వాదన ముగింపు సులభమే కానీ, అక్కడికి చేరే దారి పొడవు. 1947లో ఐవాన్ నివెన్ ఒక్క పేజీలో సరిపోయే నిరూపణ ఇచ్చారు. మనం చూడబోయేది అదే. దాన్ని సాధారణ రూపంలో కాకుండా 22/7 మీద నడిపిద్దాం, అప్పుడు ప్రతి మెట్టూ కళ్ల ముందు ఉంటుంది.

కాసేపు పై సరిగ్గా 22/7 అనే అనుకుందాం.

[తెర మీద: x(22 − 7x)]

ఈ రాశి x సున్నా అయినప్పుడు సున్నా. x = 22/7 అయినప్పుడూ సున్నా. మధ్యలో అంతటా ధనాత్మకం. ఇప్పుడు దీన్ని sin xతో గుణించండి. సైన్ కూడా 0 నుంచి π వరకు ధనాత్మకమే. కాబట్టి ఈ లబ్ధం గీసే వక్రం కింద వైశాల్యం తప్పకుండా సున్నా కంటే ఎక్కువ. ఆ వైశాల్యమే సమాకలనం.

[తెర మీద: ∫ x(22 − 7x) sin x dx, 0 నుంచి π వరకు]

విభాగ పద్ధతిలో సమాకలనం చేస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. మధ్యలో వక్రం ఎలా ఉందన్నది లెక్కలోంచి తప్పుకుంటుంది. రెండు చివరల దగ్గరి విలువలే మిగులుతాయి. ఎందుకంటే చివరల్లో సైన్ సున్నా, కొసైన్ 1 లేదా −1. మన రాశి రెండు చివరల్లోనూ సున్నా. దాని రెండో అవకలనం −14. కాబట్టి వైశాల్యం 14 + 14, అంటే 28. సరిగ్గా పూర్ణ సంఖ్య!

ఇది యాదృచ్ఛికం కాదు. ఇప్పుడు అదే రాశిని nవ ఘాతానికి పెంచి, n ఫ్యాక్టోరియల్‌తో భాగిద్దాం. అంటే 1 నుంచి n వరకు సంఖ్యల లబ్ధంతో.

[తెర మీద: f(x) = xⁿ(22 − 7x)ⁿ / n!]

ఇప్పుడూ వైశాల్యం పూర్ణ సంఖ్యే. కారణం ఇది: ముందు xⁿ ఉంది కాబట్టి, n కంటే తక్కువ సార్లు అవకలనం చేస్తే x = 0 దగ్గర సున్నానే వస్తుంది. n సార్లు లేదా అంతకంటే ఎక్కువ సార్లు చేస్తే, ఘాతాలు ఒక్కొక్కటిగా కిందికి దిగి గుణకాలవుతాయి. ఆ గుణకాల లబ్ధంలో n! ఉండి తీరుతుంది కాబట్టి హారంలోని n! కొట్టేసుకుపోతుంది. 22, 7 పూర్ణ సంఖ్యలే కనుక మిగిలేదీ పూర్ణ సంఖ్యే. రెండో చివర దగ్గర కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఈ వక్రం మధ్యబిందువుకు అటూ ఇటూ ఒకేలా ఉంటుంది.

ఇక వైశాల్యం ఎంత పెద్దది కాగలదో చూద్దాం. x(22 − 7x) గరిష్ఠ విలువ సరిగ్గా మధ్యలో వస్తుంది: 121/7, సుమారు 17.29. సైన్ కింద మొత్తం వైశాల్యం 2. కాబట్టి మన వైశాల్యం ఈ హద్దును దాటదు:

[తెర మీద: 2 × (121/7)ⁿ / n!]

n = 10 అయితే ఈ హద్దు సుమారు 13 లక్షలు. ఇక్కడ ఏ చిక్కూ కనిపించదు. అయితే n = 17 దాటాక ప్రతి మెట్టులోనూ లవం 17.29 రెట్లే పెరుగుతుంది, హారం అంతకంటే ఎక్కువ రెట్లు పెరుగుతుంది. హద్దు కుదించుకుపోవడం మొదలవుతుంది. n = 45 దగ్గర అది 0.83 అవుతుంది. n = 50 దగ్గర సుమారు 0.005.

[తెర మీద: 0 < వైశాల్యం < 0.83]

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. వైశాల్యం ధనాత్మకం. అది పూర్ణ సంఖ్య. కానీ 0.83 కంటే తక్కువ. అలాంటి పూర్ణ సంఖ్య లేదు. లెక్కలో ఎక్కడా తప్పు చేయలేదు. తప్పు మొదట్లో అనుకున్న మాటలోనే ఉంది. పై 22/7 కాదు. నిజానికి sin(22/7) విలువ సున్నా కాదు, సుమారు −0.00126. చివరలో సైన్ సున్నా అవుతుందని మనం నమ్మిన చోటే అబద్ధం దూరింది.

ఇప్పుడు 22, 7 స్థానంలో ఏ రెండు ధన పూర్ణ సంఖ్యలైనా పెట్టండి. 355, 113 పెడితే గరిష్ఠ విలువ సుమారు 279 అవుతుంది. n ఇంకా దూరం వెళ్లాలి, అంతే తేడా. గరిష్ఠ విలువ ఎంతైనా అది స్థిరమైన సంఖ్య. n ఫ్యాక్టోరియల్ దాని nవ ఘాతాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎంతో దూరం దాటిపోతుంది. అప్పుడు అదే వైరుధ్యం. కాబట్టి పైకి సమానమైన భిన్నం లేనే లేదు. భిన్నం లేదంటే శేషాల చక్రం లేదు, చక్రం లేదంటే అంకెలు ఆగవు, ఒకే గుంపుగా తిరగవు.

ఈ నిరూపణ పై గురించి వాడుకున్నది ముఖ్యంగా ఒక్కటే, సైన్ అక్కడ మొదటిసారి మళ్లీ సున్నాకు వస్తుందన్నది. దశాంశ పద్ధతితో దీనికి సంబంధమే లేదు. పదికి బదులు రెండుతోనో పన్నెండుతోనో సంఖ్యలు రాసినా పై ముగియదు.

చివరిగా ఒక అపోహ. అంకెలు అనంతంగా, పునరావృతం కాకుండా ఉన్నాయి కాబట్టి ప్రపంచంలోని ప్రతి పుస్తకమూ సంకేత రూపంలో పైలో ఉంటుందని చెబుతుంటారు. మనం చూసిన నిరూపణ నుంచి ఆ మాట రాదు. ఈ సంఖ్యను చూడండి.

[తెర మీద: 0.101001000100001…]

ప్రతి ఒకటి తర్వాత సున్నాల సంఖ్య ఒక్కొక్కటి పెరుగుతోంది. కాబట్టి ఏ గుంపూ స్థిరంగా పునరావృతం కాదు. ఇది కూడా ముగియని కరణీయ సంఖ్యే. అయినా ఇందులో 7 అనే అంకె ఒక్కసారి కూడా రాదు. పైలో 7 అనంతంగా వస్తూనే ఉంటుందా అన్న ప్రశ్నకు ఇప్పటివరకు ఎవరూ నిరూపణ ఇవ్వలేదు.