బైక్ కొటేషన్‌లో ఏ లైను ఖాయం, ఏ లైను బేరం?

నమస్తే అండీ. ఈరోజు బైక్ రివ్యూ కాదు, బైక్ కొటేషన్ రివ్యూ. ఉదాహరణకి ఒక 125 సీసీ బైక్ తీసుకుందాం. స్క్రీన్ మీద చూడండి, ఎక్స్-షోరూమ్ 95,000. కింద ఆన్-రోడ్ 1,23,300. మధ్యలో ఉన్న ఆ 28,300 ఎక్కడికి పోతోందో చూద్దాం.

ఎక్స్-షోరూమ్ ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. 350 సీసీ వరకు బైకులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం. కాబట్టి బండి మీద జీఎస్టీ అని కింద మళ్లీ ఇంకో లైను కనిపిస్తే అక్కడే ఆపి అడగండి.

తర్వాతది రోడ్ ట్యాక్స్, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ అంటాం. యాభై వేలు దాటి లక్ష లోపు ఉన్న బైక్‌కి ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 12 శాతం. అంటే 11,400. తెలంగాణలో లక్ష దాటిన బైకులకి 2025 ఆగస్టు నుంచి శాతం ఇంకా పెరిగింది, ధర లక్షకి అటూఇటూ ఉంటే ఏ వేరియంట్ తీసుకోవాలో ఈ లెక్క చూసి తేల్చుకోండి. ఇది ప్రభుత్వానికి పోయే డబ్బు, బేరం ఉండదు. రిజిస్ట్రేషన్, స్మార్ట్ కార్డు, నంబర్ ప్లేటు అన్నీ కలిపి ఇక్కడ 1,500 రాశారు. ఇందులో కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఫీజు 300, కార్డు 200. లోన్ ఉంటే ఇంకో 500. మిగతాది దేనికో రసీదులు చూపించమనండి.

ఇక ఇన్సూరెన్స్. ఇక్కడ కాస్త నిలబడాలి. కొటేషన్‌లో 8,900 అని ఒకే అంకె ఉంది. దాన్ని విడగొట్టి ఇమ్మనండి. ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కొత్త బైక్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, 75 నుంచి 150 సీసీకి అది 3,851. ఎక్కడ కొన్నా అంతే. మన బండికి జరిగే నష్టం కోసం ఓన్ డ్యామేజ్ మాత్రం ఒక్క ఏడాదికి తీసుకుంటే చాలు, కంపెనీని బట్టి మారేది ఇదే. బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ లెక్కగట్టే విలువని ఐడీవీ అంటారు. కొత్త బండికి ఐడీవీ ఎక్స్-షోరూమ్‌లో 95 శాతం, అంటే 90,250. దాని మీద సుమారు 1,500 అనుకోండి. ఓనర్‌కి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ సుమారు 350. మీకు ఇప్పటికే 15 లక్షల కవర్ ఉంటే అది కూడా అక్కర్లేదు. మొత్తం 5,701, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 6,727. మరి 8,900 ఎలా అయింది? విడిభాగాల అరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ లాంటివి మనల్ని అడక్కుండానే కలిపేసి ఉంటారు, ఓన్ డ్యామేజ్ మీద రావాల్సిన డిస్కౌంట్ ఇచ్చి ఉండరు.

బయట కొనుక్కోవచ్చా? కొనుక్కోవచ్చు. డీలర్ దగ్గరే తీసుకోవాలని రూలేమీ లేదు. లోన్ ఉన్నా సరే, పాలసీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే చాలు. కాకపోతే పాలసీకి ఛాసిస్, ఇంజన్ నంబర్లు కావాలి. బండి కేటాయించగానే అవి అడిగి తీసుకోండి, డెలివరీ రోజు పొద్దున అడిగితే టైం లేదంటారు. తేడా మూడు నాలుగు వందలే అయితే మాత్రం డీలర్ దగ్గరే కానివ్వండి, రేపు క్లెయిమ్‌కి అక్కడికే వెళ్లాలి కదా.

హ్యాండ్లింగ్ చార్జీలు 2,000. గోడౌన్ నుంచి తెచ్చాం, కడిగాం, ఆర్టీఓ పని చేశాం అంటారు. ఇది ఏ ప్రభుత్వ ఫీజూ కాదు, డీలర్ వేసుకున్నది. గొడవ పడక్కర్లేదు, "దీన్ని జీఎస్టీ బిల్లులో ఇదే పేరుతో రాసివ్వండి" అని అడగండి. తెల్ల చీటీ మీద రాసిన అంకె బిల్లులోకి ఎక్కాల్సి వస్తే చాలా చోట్ల తగ్గిపోతుంది.

చివరిది యాక్సెసరీలు, 4,500. లైను పేరు 'కిట్'. విప్పి చూస్తే క్రాష్ గార్డ్, సీట్ కవర్, శారీ గార్డ్, టెఫ్లాన్ కోటింగ్, హెల్మెట్. వీటిలో శారీ గార్డ్, హెల్మెట్ రెండూ చూడండి. వెనక కూర్చునేవాళ్లకి పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డ్ బండితోనే ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. కొనేటప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని నిబంధన 138. అంటే మనకి హక్కుగా రావాల్సినవే మనకి అమ్ముతున్నారు. టెఫ్లాన్ కొత్త పెయింట్ మీద దండగ. క్రాష్ గార్డ్ ఒక్కటీ 1,200కి ఉంచుకుందాం.

ఇప్పుడు లెక్క: ఇన్సూరెన్స్‌లో 2,173, హ్యాండ్లింగ్ 2,000, కిట్‌లో 3,300 తగ్గాయి. ఆన్-రోడ్ 1,15,827. లోన్ మీద తీసుకునేవాళ్లకి ఈ 7,473 మీద వడ్డీ కూడా మిగులుతుంది.

కొటేషన్ మీద సీలు వేయించుకుని, అడ్వాన్స్ కట్టకముందే ఇదంతా మాట్లాడండి. కట్టాక మీ మాట వినరు. ఒప్పుకోకపోతే అదే ఊళ్లో అదే కంపెనీ ఇంకో షోరూంకి వెళ్లండి. ఎక్స్-షోరూమ్, ట్యాక్స్ అక్కడా ఇవే. తేడా వచ్చేది ఈ మూడు లైన్లలోనే.