కటింగ్ షాపు కార్డు: ఏమివ్వాలి, ఏం రాయాలి

బరంపురంలో సెలూన్ యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. గంజాం నుంచి, గజపతి నుంచి, రాయగడ నుంచి కూడా షాపులు మూసుకుని వచ్చారు. మంగళవారం పెట్టడం మంచిదయింది, లేకపోతే ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి.

నాది ప్రింటింగ్ పని. మీలో చాలామంది నా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే మాట: "అన్నా, అయిదు కటింగ్‌లకి ఒకటి ఫ్రీ అని ఒక వెయ్యి కార్డులు కొట్టెయ్." కొట్టడం నాకు పెద్ద పని కాదు. కానీ ఆ కార్డు మీ జేబులోంచి ఎంత తీస్తుందో ముందు లెక్క వేద్దాం, తర్వాత దాని మీద ఏం రాయాలో చూద్దాం.

మూడు కుర్చీల షాపు అనుకోండి. కటింగ్ 100 రూపాయలు. కుర్చీ మీద పనిచేసే కుర్రాడికి సగం వాటా. అంటే ఒక కటింగ్‌కి మీకు మిగిలేది 50. అద్దె, కరెంటు ఎలాగూ ఉంటాయి కాబట్టి వాటిని ఈ లెక్కలోకి తేవద్దు. మనిషి సగటున 40 రోజులకి ఒకసారి వస్తాడనుకుంటే ఏడాదికి 9 కటింగ్‌లు.

ఇప్పుడు ఇద్దరు కస్టమర్లని తీసుకుందాం. మొదటాయన మీ షాపు తప్ప వేరే గుమ్మం తొక్కడు. కార్డు లేకుండా ఆయన వల్ల ఏడాదికి మీకు మిగిలేది 450. ఆరో కటింగ్ ఫ్రీ అన్నారనుకోండి. 9లో 8కి డబ్బు వస్తుంది, 400 మిగులుతుంది. ఫ్రీ చేసినదానికి కూడా కుర్రాడికి వాటా 50 ఇవ్వాలి కాబట్టి చివరికి 350. ఎలాగూ వచ్చే మనిషి మీద 100 రూపాయలు పోయాయి.

రెండో ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఏ షాపు ఖాళీగా కనిపిస్తే అందులో కూర్చుంటాడు. ఏడాదిలో 5 సార్లు మీ దగ్గర, 4 సార్లు పక్క వీధిలో. ఆయన వల్ల మీకు 250. కార్డు చూసి 9 సార్లూ మీ దగ్గరికే వస్తే 350. ఇక్కడ 100 పెరిగింది. అంటే ఒక పాత కస్టమర్ మీద పోయినది, ఒక కొత్త అలవాటు మీద వచ్చినది సమానం. పేట షాపుల్లో పాతవాళ్లే ఎక్కువ. మరి కార్డు ముందు ఎవరి చేతిలో పడుతుంది? పాతవాళ్ల చేతిలోనే.

అందుకే నేను ఫ్రీ కటింగ్ వద్దంటాను. దాని బదులు, కార్డు నిండిన రోజు కటింగ్‌కి మామూలుగానే డబ్బు తీసుకుని తల మసాజ్ ఉచితంగా ఇవ్వండి. మసాజ్ రేటు 60 అనుకుంటే కుర్రాడి వాటా 30, నూనె ఓ 5 రూపాయలు. మొత్తం 35. కస్టమర్‌కి అందేది 60 రూపాయల సేవ, మీకు అయ్యే ఖర్చు 35. పాత కస్టమర్ మీద 100కి బదులు 35 పోతుంది. తిరుగుడు కస్టమర్ పూర్తిగా మీవాడైతే 250 ఉన్నది 415 అవుతుంది. ఒక తిరుగుడు కస్టమర్ నలుగురు పాతవాళ్ల ఖర్చు మోస్తాడు. మసాజ్ ఇష్టం లేని కాలేజీ కుర్రాళ్లకి గెడ్డం ట్రిమ్మింగ్ ఇవ్వండి. దాని రేటు 50 అయితే మీకు పోయేది 25.

వాటా సంగతి ఇంకో మాట చెప్పాలి. ఫ్రీ సేవకి కుర్రాడికి వాటా ఇవ్వని యజమానులు ఉన్నారు. "నేనే నష్టపోతున్నాను, నువ్వు కూడా కొంచెం భరించు" అంటారు. అలా చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నిండిన కార్డు పట్టుకొచ్చిన మనిషిని చూసి కుర్రాడు "ఇప్పుడు రద్దీగా ఉంది, రేపు రండి" అంటాడు. లేదా పది నిమిషాల మసాజ్ మూడు నిమిషాల్లో ముగిస్తాడు. కార్డు మీద షాపు పేరుంది, కుర్రాడి పేరు లేదు. వాటా ఇవ్వలేకపోతే కార్డు మొదలుపెట్టకండి.

ఇక కార్డు మీద కటింగ్‌కి ఒకటి చొప్పున నింపే గళ్లు. ఎన్ని ఉండాలి? కాఫీ షాపుల్ని చూసి 10 అంటారు. కాఫీ రోజూ తాగుతారు, జుట్టు రోజూ కత్తిరించరు. 40 రోజులకొకసారి లెక్కన 10 గళ్లు నిండడానికి ఏడాది పడుతుంది, ఈలోగా కార్డు చొక్కాతో పాటు ఉతుక్కుపోతుంది. ఆరు కటింగ్‌లకి నిండేలా ఉంటే చాలు.

కానీ ఆరు కటింగ్‌లకి ఆరు గళ్లు వేయొద్దు. ఏడు వేయండి. కార్డు ఇచ్చే రోజే రెండు నింపి ఇవ్వండి, ఒకటి ఆ రోజు కటింగ్‌కి, ఒకటి షాపు తరఫున. ఇది నా ఊహ కాదు. అమెరికాలో నూనెస్, డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కార్ వాష్ దగ్గర 300 కార్డులు పంచి చూశారు. సగం మందికి 8 గళ్ల ఖాళీ కార్డు, సగం మందికి 10 గళ్లలో 2 ముందే నింపిన కార్డు. రెండు రకాల వాళ్లూ ఇంకా 8 సార్లే రావాలి. ఖాళీ కార్డు వాళ్లలో 19 శాతం మంది పూర్తి చేస్తే, రెండు నిండిన కార్డు వాళ్లలో 34 శాతం మంది పూర్తి చేశారు. 2006లో ఈ ఫలితం అచ్చయింది. పని మొదలైపోయిందనిపిస్తే దాన్ని మధ్యలో వదిలేసేవాళ్లు తగ్గుతారు. మీకు ఖర్చు కూడా లేదు, ఒక గడి ఎక్కువ అచ్చువేయడమే.

గడువు. ఇక్కడే చాలా కార్డులు చచ్చిపోతాయి. "ఆరు నెలలు చెల్లును" అని రాయించుకుంటారు. మొదటి కటింగ్ నుంచి ఆరోదాకా మధ్యలో అయిదు విరామాలు, ఒక్కోటి 40 రోజులు, మొత్తం 200 రోజులు. ఆరు నెలలు అంటే 180. మామూలు వేగంతో వచ్చే మనిషి కార్డు నిండకముందే గడువు అయిపోతుంది! దీనికి తోడు మన ఊళ్ల సంగతి ఉంది. నవంబరు మధ్యలో అయ్యప్ప మాల వేస్తే మండలం 41 రోజులు, మకరజ్యోతి దాకా ఉంచుకునేవాళ్లకి దాదాపు రెండు నెలలు కత్తెర లేదు, గెడ్డం గీయించడం లేదు. భార్య కడుపుతో ఉంటే జుట్టు తీయించుకోని ఇళ్లున్నాయి. తిరుపతి మొక్కు ఉంటే అదీ పెంచుతారు. సెప్టెంబరులో కార్డు తీసుకున్న స్వామి మార్చిలో వచ్చి "గడువు అయిపోయింది" అనిపించుకుంటే, మళ్లీ మీ షాపు మెట్లెక్కుతాడా? ఏడాది పెట్టండి. "ఇచ్చిన తేదీ నుంచి ఒక సంవత్సరం" అని రాసి, పక్కన తేదీకి గీత వదలండి. అచ్చులో తేదీ వేయించకండి, వెయ్యి కార్డులు అయ్యేలోపు ఆ తేదీ దాటిపోతుంది.

ఇప్పుడు మాటలు. తెలుగులో ఇలా రాయమంటాను:

"7 గళ్లు నిండిన రోజు కటింగ్‌తో పాటు తల మసాజ్ లేదా గెడ్డం ట్రిమ్మింగ్ ఉచితం. ఆ రోజు కటింగ్‌కి మామూలు రేటు. ఒక కటింగ్‌కి ఒక గడి. ఇంట్లో ఎవరైనా ఈ కార్డు వాడవచ్చు. ఆదివారం, పండుగ ముందురోజు ఉచిత సేవ మధ్యాహ్నం 2 తర్వాత. ఇచ్చిన తేదీ నుంచి ఒక సంవత్సరం చెల్లుతుంది. తేదీ: ______"

ఒక్కో మాట ఎందుకుందో చూడండి. "5 కటింగ్‌లకి 1 ఫ్రీ" అంటే అయిదోదే ఫ్రీ అనుకునేవాడు ఒకడు, ఆరోది అనుకునేవాడు ఇంకొకడు. "7 గళ్లు నిండిన రోజు" అంటే గొడవ లేదు, గళ్లు కళ్లకి కనిపిస్తాయి. రెండో వాక్యం పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. అది చిన్నగా పెడితే ఆ రోజు లేచి "ఫ్రీ అన్నారు కదా, మళ్లీ 100 ఏంటి?" అంటాడు. "ఇంట్లో ఎవరైనా" అన్నది దానం కాదు. తండ్రీ ఇద్దరు కొడుకులూ ఒకే కార్డు మీద వస్తే ముగ్గురూ మీ షాపుకే వస్తారు, కార్డు రెండు మూడు నెలల్లో నిండుతుంది. ఆదివారం పూర్తిగా వద్దంటే, ఆదివారం తప్ప తీరిక లేని ఉద్యోగికి మీ కార్డు ఎప్పటికీ అందదు. అందుకే రెండు తర్వాత.

"షరతులు వర్తిస్తాయి" అనే మాట మాత్రం రాయించకండి. ఆ షరతులు ఎక్కడా ఉండవు, కస్టమర్‌కి అనుమానం మాత్రం ఉంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆఫర్ ఏ భాషలో ఉంటే షరతు అదే భాషలో, అదే అక్షరంలో ఉండాలంటున్నాయి. మీ కార్డు గురించి ఎవరూ ఢిల్లీ దాకా వెళ్లరులెండి. కానీ పైన ఒడియాలో "ఉచితం" అని పెద్దగా వేసి, కింద ఇంగ్లీషులో చీమ తలకాయంత షరతులు పెట్టే కార్డులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. పద్ధతి కాదది.

మన దగ్గర భాష సంగతి ఇంకోటి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు ఎంతమందో. వాళ్లకి తెలుగు అక్షరం తడబాటు. కాబట్టి ఒకవైపు తెలుగు, ఒడియా రెండింటిలో ఇవే వాక్యాలు, ఏదీ వదలకుండా. ఒడియా తెలిసిన మాస్టారికి చూపించి దిద్దించుకోండి. రెండోవైపు గళ్లు, 1 నుంచి 7 అంకెలు, చివరి గడిలో నూనె సీసా బొమ్మ. ఆ వైపు మాటలే అక్కర్లేదు.

కాగితం గురించి క్లుప్తంగా. విజిటింగ్ కార్డు సైజు చాలు. గళ్ల వైపు లామినేషన్ వేయించకండి, స్టాంపు సిరా పట్టదు, తడి చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. అసలు స్టాంపు కంటే గడిలో తేదీ రాసి సంతకం పెట్టడం మేలు. రబ్బరు స్టాంపు ఏ వీధిలోనైనా చేయించుకోవచ్చు, కుర్రాడి స్నేహితులకి ఒకేరోజు నాలుగు గళ్లు కూడా పడిపోవచ్చు. తేదీ ఉంటే రెండూ బయటపడతాయి. కార్డు ఇంట్లో మరచిపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి, అడిగినవాళ్ల కార్డు షాపులోనే ఒక డబ్బాలో, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెల వరుసలో పెట్టుకోండి.

ఆ తేదీల వల్ల ఇంకో లాభం. నిండిన కార్డులు పారేయకండి. ఓ ఇరవై పోగయ్యాక మొదటి రెండు కటింగ్‌ల తేదీల మధ్య ఎన్ని రోజులు, చివరి రెండు కటింగ్‌ల తేదీల మధ్య ఎన్ని రోజులు చూడండి. చివర్లో విరామం తగ్గితే కార్డు మనిషిని లాగుతోందన్నమాట. తగ్గకపోతే, ఎలాగూ వచ్చేవాళ్లకే మీరు నూనె రాస్తున్నారు. ఇంటిల్లిపాదీ వాడిన కార్డుల్ని మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి, అవి మోసం చేస్తాయి. డబ్బాలో మూడు గళ్ల దగ్గర ఆగిపోయిన కార్డులు కూడా చూడండి. మాల వేసిన స్వాములవి పక్కన పెడితే, మిగిలినవాళ్లు ఎందుకు రావడం లేదో కార్డు చెప్పదు. ఫోన్ చేసి అడగాల్సిందే.

చివరిగా, మానేయడం. పథకం గిట్టకపోతే కొత్త కార్డులు ఇవ్వడం ఆపండి. బయట ఉన్న కార్డులని మాత్రం వాటి మీద తేదీ ఉన్నంతకాలం ఒప్పుకోండి. అద్దం పక్కన రెండు భాషల్లో కాగితం అంటించండి: "కొత్త కార్డులు ఇవ్వడం లేదు. మీ దగ్గరున్న కార్డు గడువు దాకా చెల్లుతుంది." ఆరు నెలల గడువుతో ఇప్పటికే కొట్టించుకున్నవాళ్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారని నాకు తెలుసు. ఆ కార్డులు పారేయక్కర్లేదు. "ఆరు నెలలు" కొట్టేసి, "1 సంవత్సరం" అని పెన్నుతో రాసి, పక్కన సంతకం పెట్టి ఇవ్వండి.