మోగేది నీళ్లు కాదు, గాలి

(జాతరలో కొబ్బరికాయల దుకాణాలు పెట్టుకోబోతున్న వాళ్లకు హన్మకొండలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే.

మేడారం పోయేటోళ్లు, ఐనవోలు పోయేటోళ్లు, భద్రకాళి గుడికాడ బల్ల వేసుకునేటోళ్లు, అందరూ ఉన్నరు ఇక్కడ. మన దిక్కు కొబ్బరితోటలు తక్కువ. కాయ ఎక్కువగా కోనసీమ నుంచి లారీల మీద వస్తది, బోండాలు కర్ణాటక దిక్కు నుంచి కూడా వస్తయి. అంటే చెట్టు మీద అది ఎన్ని నెలలు ఉన్నదో, కోసి ఎన్ని దినాలైందో మనం చూడలేదు. చేతికి వచ్చిన కాయే చెప్పాలె. చెప్తది కూడా, కాని మనం తప్పుగ వింటున్నం.

దుకాణానికి ఎవలొచ్చినా ముందుగాల చేసేది ఒక్కటే, కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఊపుడు. గలగల మోగితే "నీళ్లు మస్తున్నయి" అని సంచిల వేసుకుంటరు. మోగకుంటే పక్కన పెడ్తరు. ఇది సగమే నిజం. నిండా నీళ్లున్న సీసా మూత బిగించి ఊపుండ్రి, చప్పుడు రాదు. నీళ్లు కదలాలంటే పైన ఖాళీ జాగ ఉండాలె. కాయల మోగేది ఆ ఖాళీ. చప్పుడు పెరిగిందంటే నీళ్లు పెరిగినట్టు కాదు, గాలి పెరిగినట్టు.

ఈ ఖాళీ ఎట్ల వస్తదో చూద్దాం. పూత నిలబడ్డప్పటి నుంచి కాయ ముదిరేదాక సుమారు 12 నెలలు. మొదటి 5, 6 నెలలు కాయ తన సైజు పెంచుకునే పనిల ఉంటది, లోపల అంతా నీళ్లే. ఆ నీళ్లు ఒత్తిడి మీద ఉంటయి. అందుకే లేత బోండాంల కత్తి మొన దిగంగనే నీళ్లు మొఖం మీదికి చిమ్ముతయి. 6, 7 నెలలకు తొడిమకు ఎదురు కొస నుంచి మీగడ లెక్క కొబ్బరి పట్టుడు షురువైతది. నీళ్లు ఎక్కువగ, తియ్యగ ఉండేది కూడా ఆ రోజులల్లనే. ఆ తరువాత కొబ్బరి మందమైతది, చిప్ప గట్టిపడతది, నీళ్లు తగ్గుతయి, తీపి కూడా తగ్గుతది. నీళ్లు ఇడిసిన జాగల గాలి చేరుతది. కాయకు నోరు వచ్చేది అప్పుడే.

కాబట్టి బోండాంకు ఒక లెక్క, గుడికి, వంటకు పోయే కాయకు ఇంకో లెక్క. బోండాం మోగొద్దు. మోగిందంటే రెండే కారణాలు. చెట్టు మీదనే ముదిరింది, లేదంటే కోసి చాన రోజులైంది. మన వరంగల్ ఎండల బోండాం వట్టిగ నేల మీద కుప్ప పోస్తే పీచు వాడిపోతది, లోపలి నీళ్లు కూడా తగ్గుతయి, అంతదాక మూగగ ఉన్నది ఊపితే పలుకుతది. తడి గోనెసంచి కప్పి నీడకు పెట్టుడు అందుకే.

బోండాంకు బరువు చూసి కూడా మోసపోవద్దు. పచ్చి పీచుల నీరు చాన ఉంటది, ఆ బరువంతా మనం తాగే నీళ్లది కాదు. పెద్దగ, మూడు పలకలుగ ఉన్నది పీచుతోనే బరువు తూగొచ్చు, పక్కన చిన్నగ గుండ్రంగ ఉన్నదాంట్ల ఎక్కువ నీళ్లు ఉండొచ్చు. ఇక్కడ బరువు కంటే దెబ్బ నయం. కత్తి వెనక దిక్కుతోటి పక్కలకు కొట్టి చూడుండ్రి. లేతది బద్దుబద్దుమని మెత్తగ పలుకుతది, ఎందుకంటే చిప్ప ఇంకా గట్టిపడలే. ముదిరింది టక్కుమంటది, దెబ్బ చేతికి తిరిగి తగుల్తది. "నీళ్లదియ్యన్నా" అన్నోళ్లకు మొదటిది, "మలై ఉండాలె" అన్నోళ్లకు ఈ రెండిటి నడుమది.

ఇగ జాతర కాయ, అంటే పీచు తీసింది. ఈ బల్ల మీద మూడున్నయి, మూడూ ఒక్కటే సైజు. తమ్ముడూ, జర తూకం వెయ్యి. మొదటిది 580 గ్రాములు, రెండోది 520, మూడోది 430. ఇప్పుడు ఊపుదాం. గబగబ ఊపొద్దు, ఒక్కసారి ఊపి ఆపాలె, ఆపినంక లోపల నీళ్లు ఎట్ల సర్దుకుంటయో వినాలె.

మొదటిది గుబుక్కుమని ఒక్క మందపు చప్పుడు చేసి ఆగింది. రెండోది గలగలమని చాన సేపు ఆడింది. మూడోది అసలు మాట్లాడలే. మీల చెయ్యెత్తినోళ్లంత రెండోదే మంచిదన్నరు. పగలగొడ్దాం. చూడుండ్రి, మొదటిదాంట్ల గిలాసకు దగ్గరగ నీళ్లొచ్చినయి, రెండోదాంట్ల సగం కూడా రాలే. కొబ్బరి మాత్రం రెండిట్ల బాగున్నది, తెల్లగ, మందంగ. అంటే రెండోది చెడిపోయింది కాదు, పాతది. చట్నీకి, కూరకు దాన్ని నిమ్మళంగ వాడుకోవచ్చు. కొట్టంగనే నీళ్లు కారాలె అనుకునే భక్తునికి మొదటిది ఇయ్యాలె.

ఇగ మూడోది, మూగది. మూగ కాయకు కారణం ఒక్కటి కాదు. నిండుగుంటే మోగదు, అప్పుడు బరువుంటది. నీళ్లు కారిపోయినా మోగదు, అప్పుడు తేలికగుంటది. ఇంకోటి కూడా ఉన్నది. మొలక పట్టిన కాయల లోపల కొబ్బరి పువ్వు పెరిగి నీళ్లను తాగేస్తది, ఖాళీ జాగను కూడా నింపుతది. దాంట్ల ఊగనీకి ఏం మిగలదు. గుళ్లె పువ్వు వెళ్తే శుభమంటరు గని, చట్నీకి కొనుక్కపోయినోళ్లు మాత్రం వాపసు తెస్తరు. కన్ను దగ్గర ఉబ్బినట్టో, మొలక కొస పొడుచుకొచ్చినట్టో ఉంటే అనుమానించాలె.

మనది 430 గ్రాములు, తేలిక. మంచి కాయతోటి దీన్ని తట్టి చూద్దాం. రెండు మంచి కాయలు తాకితే ఖంగుమంటయి. ఇది పగిలిన కుండ లెక్క చప్పగ పలికింది. అంటే ఎక్కడనో వెంట్రుక మందం పగులున్నది. ఇదిగో, పక్కన సన్న గీత, దాని చుట్టు తడి ఆరిన మరక. వాసన చూడుండ్రి, పులుపు కొడ్తున్నది. లారీల నుంచి బస్తా ఎత్తేసినప్పుడు ఇట్లనే పగుల్తయి. బస్తా విప్పంగనే ఒక్కోటి తట్టి ఇసుంటియి తీసెయ్యాలె, లేకుంటే భక్తుని చేతిల, దేవుని ముందట కుళ్లు కాయ పగులుద్ది, మాట పడేది మనం.

కన్నుల మీది జుట్టు పీకొద్దు. చూడనీకి సాపుగ ఉంటదని కొంతమంది పూర్తిగ గీకి పెడ్తరు. కన్నుల కాడ చిప్ప మెత్తగుంటది, తడి పోయేది, బూజు లోపలికి వచ్చేది అక్కడికెల్లే. జుట్టు ఆ జాగను కాపాడ్తది. పగలగొట్టేముందు తీసుకుంటే చాలు. కన్ను తడిగ, నల్లగ ఉన్న కాయను ఊపి చూసే పని కూడా లేదు.

కుడుకల సంగతి అడిగింది అక్క. ఒడిబియ్యంల పోసే కుడుక కూడా ఈ కాయే. ముదిరిన కాయను పీచుతోనే నెలల తరబడి అటక మీద నిల్వ పెడ్తే నీళ్లు పూర్తిగ ఇంకిపోతయి, కొబ్బరి కుచించుకపోయి చిప్పను ఇడుస్తది. అప్పుడు ఊపితే నీళ్ల చప్పుడు కాదు, గుండు దొర్లినట్టు లొడలొడమంటది. నీళ్లూ మోగి, గుండూ కదిలితే అది సగమే ఎండింది, అప్పుడే పగలగొడ్తే బూజు పడ్తది.

మాటలు చాలు. ఆ మూలకు బస్తాల బోండాలున్నయి. ఒక్కొక్కరు ఒక్కోటి తీసి, ఊపి, కత్తి వెనకతోటి కొట్టి, నీళ్లదా మలైదా ముందే చెప్పుండ్రి. ఆ తరువాతనే నరుకుదాం.